వాడిన ఎస్‌ప్రెసో యంత్రం కొనుగోలు (ఉర్లా, రాయపూర్)

దుకాణం మూతపడటం వల్లనో, యజమాని కొత్తది తెచ్చుకోవడం వల్లనో అమ్మకానికి వచ్చిన కాఫీ యంత్రం వాడిన యంత్రం. దాన్ని పూర్తిగా విప్పి, బాయిలర్ శుభ్రం చేసి, అరిగిన భాగాలు మార్చి, మళ్లీ పరీక్షించి అమ్మితేనే రీఫర్బిష్డ్ అనే మాట దానికి తగుతుంది. పైరేకుకు పాలిష్ పట్టి అదే పేరుతో అమ్మేవారూ ఉన్నారు. రాయపూర్ నగరపు అంచున, బీర్‌గావ్ వైపున ఉన్న ఉర్లా పారిశ్రామిక వాడలో ఇలాంటి యంత్రం కొనేవారు బ్రాండు పేరు కంటే ముందు అది ఇన్నాళ్లూ ఏ నీళ్లు తాగిందో తెలుసుకోవాలి.

ఎందుకంటే రాయపూర్ కింద ఉన్నది సున్నపురాయి, షేల్ పొరల నేల. చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ సున్నపురాయి కోసమే. అలాంటి రాతిలోంచి వచ్చే బోరు నీళ్లలో కాల్షియం బైకార్బొనేట్ కరిగి ఉంటుంది. నీళ్లు కాగగానే అది విడిపోయి, కాల్షియం కార్బొనేట్‌గా గిన్నె గోడకు అంటుకుంటుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి గార అదే. బాయిలర్‌లో ఇంకో చిక్కు ఉంది. ఆవిరి బయటికి పోతుంది గాని ఉప్పు పోదు, కాబట్టి లోపలి నీళ్లు రోజురోజుకూ చిక్కబడతాయి.

లెక్క వేసి చూద్దాం. నీటి కాఠిన్యం లీటరుకు 300 మిల్లీగ్రాములు అనుకుందాం. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ఆమోదయోగ్య పరిమితిగా 200, వేరే నీళ్లు లేనప్పుడు 600 మిల్లీగ్రాముల దాకా అనుమతిస్తుంది కనుక ఇది మనిషి తాగదగ్గ నీరే. రోజుకు 20 లీటర్లు యంత్రం గుండా పోతే అందులో 6 గ్రాముల గార సరుకు ఉన్నట్టు. ఏడాదికి 300 రోజులు నడిస్తే 1.8 కిలోలు. అందులో మూడోవంతు మాత్రమే లోపల పేరుకున్నా 600 గ్రాములవుతుంది. మూడేళ్లు ఫిల్టరు లేకుండా నడిచిన యంత్రం కొంటే ఎంత రాయి మోసుకొస్తున్నామో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ముందు పేరు తేల్చుకోవాలి

మన పెళ్లిళ్లలో ‘ఎక్స్‌ప్రెసో’ అని పిలిచే పొడవాటి ఇత్తడి యంత్రం వేరు. అది కేవలం ఆవిరి బాయిలర్, గొట్టంతో పాలు నురగెత్తిస్తుంది, అంతే. అసలైన ఎస్‌ప్రెసో యంత్రం సుమారు 9 బార్ ఒత్తిడితో, 90 నుంచి 96 డిగ్రీల వేడి నీటిని మెత్తటి పొడి గుండా పంపుతుంది. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ 25–30 సెకన్లలో దిగడం వాడుకలో ఉన్న కొలత. 1961లో ఇటలీ కంపెనీ ఫాయెమా తెచ్చిన ఇ61 యంత్రంతో విద్యుత్ పంపు వాడకం బాగా వ్యాపించింది. ఆ నమూనా గ్రూప్ హెడ్ ఉన్న యంత్రాలకు విడిభాగాలు చాలామంది తయారుచేస్తారు, అందుకే పాతదైనా భయం తక్కువ. సొంత ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్న మోడల్ అయితే ఆ బోర్డు ఇప్పటికీ దొరుకుతుందో లేదో డబ్బు ఇవ్వకముందే కనుక్కోవాలి.

వెనక ప్లేటు మీది వోల్టేజీ చదవడం మరువకూడదు. అమెరికా నుంచి తెచ్చిన 120 వోల్టుల యంత్రానికి మన 230 వోల్టులు నేరుగా ఇస్తే హీటర్ మీద దాదాపు నాలుగింతల వాటేజీ పడి కాలిపోతుంది.

చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి

అమ్మేవారికి ముందే చెప్పాలి: మేం వచ్చేదాకా యంత్రం వేయకండి అని. కొన్ని లోపాలు వేడెక్కేటప్పుడు మాత్రమే బయటపడతాయి. మొదట పక్కరేకు విప్పించి టార్చి వేసి చూడాలి. గొట్టాల కీళ్ల దగ్గర తెల్లటి పెచ్చు, పచ్చటి చిలుము ఉంటే అక్కడ చాలాకాలంగా నీరు కారుతున్నట్టే. హీటర్ కొసలకూ బాడీకీ మధ్య మెగ్గర్ పెట్టించాలి. ఫ్యాక్టరీల వాడ కనుక ఆ పరికరం ఉన్న ఎలక్ట్రీషియన్ దొరకడం కష్టం కాదు. రీడింగు ఒక మెగాఓమ్ కంటే తక్కువైతే హీటర్ అనుమానాస్పదమే. తేమ పట్టి ఉండవచ్చు, పైతొడుగు చీలి ఉండవచ్చు.

తర్వాత స్విచ్ వేసి ప్రెజర్ గేజ్ మీద కన్నుంచాలి. రెండు గ్రూపుల యంత్రం వేడెక్కడానికి అరగంట దాకా పడుతుంది. మొదట బాయిలర్‌లోని గాలి చిన్న వాల్వు ద్వారా బుసబుసమంటూ బయటికి పోవాలి, ఆవిరి పుట్టాక ఆ వాల్వు మూసుకోవాలి. బుస ఆగకపోతే వాల్వు అరిగింది. అసలు బుసే రాకుండా గేజ్ తొందరగా ఒక బార్ చూపిస్తే అది ఆవిరి కాదు, లోపల చిక్కిన గాలి. ఆవిరి గొట్టం ఒక్కసారి తెరిస్తే ముల్లు దభీమని పడిపోతుంది. సరిగా పనిచేసేదైతే ముల్లు ఒకటి, ఒకటింబావు మధ్య నిలకడగా ఆడుతుంది.

ఇప్పుడు గార పరీక్ష. వేడినీళ్ల కొళాయి గాజు గ్లాసులోకి వదిలి వెలుగుకు పెట్టి చూడాలి. తెల్లటి రేకులు తేలుతుంటే లోపల పొర ఊడుతోందన్నమాట. ఆ రేకులే వెళ్లి గ్రూపులోని మిల్లీమీటరుకన్నా సన్నని రంధ్రానికి అడ్డుపడతాయి. అందుకే హ్యాండిల్ తీసేసి రెండు గ్రూపుల నుంచీ పది సెకన్లపాటు నీళ్లు కప్పుల్లో పట్టి తూచాలి. కొద్దిపాటి తేడా సహజం. ఒక కప్పులో సగమే పడితే ఆ గ్రూపు మూసుకుపోతోంది.

చివరిగా రంధ్రాలు లేని బిళ్ల హ్యాండిల్‌లో పెట్టి పంపు నడపాలి. గేజ్ 9 బార్ దగ్గర నిలవాలి, గ్యాస్కెట్ అంచున నీరు చిమ్మకూడదు. గ్యాస్కెట్ చవక భాగమే, దాని కారణంగా బేరం వదులుకోనక్కర్లేదు. పంపు ఆపగానే ఒత్తిడి కింది తొట్టెలోకి ‘ఫుస్’మని దిగిపోవాలి. దిగకపోతే సొలెనాయిడ్ వాల్వులో గార ఇరుక్కుంది.

అడగాల్సినవి

ఏ నీళ్లు పోశారు, సాఫ్టెనర్ ఉందా, దాని ఉప్పు ఎప్పుడెప్పుడు వేశారు అన్నది మొదటి ప్రశ్న. ‘ఆర్‌ఓ నీళ్లేనండీ’ అన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. మరీ పలుచటి ఆర్‌ఓ నీరు లోహాన్ని తింటుంది, పైగా నీటిమట్టం చూసే కడ్డీ నీళ్లలోంచి విద్యుత్ పారితేనే పనిచేస్తుంది, అలాంటి నీళ్లలో అది సరిగా పారదు గనుక బాయిలర్ నిండిందని గుర్తించదు. అప్పుడు ఆవిరి గొట్టంలోంచి నీళ్లొస్తాయి. ఎన్నాళ్లు నడపకుండా ఉంచారో, ఆ కాలమంతా లోపల నీళ్లు ఉన్నాయో లేదో కూడా అడగాలి.

రీఫర్బిష్డ్ అంటే బాయిలర్ లోపలి ఫొటోలు, మార్చిన పాత భాగాలు చూపించమనాలి. యాసిడ్‌తో గార తీశామంటే ఆ తర్వాత ప్రెజర్ పరీక్ష చేశారా అన్నది అసలు సంగతి. చిల్లును గారే మూసి ఉంచిన బాయిలర్లు ఉంటాయి, కడగగానే కారడం మొదలవుతుంది. ఉర్లాలో వెల్డర్లకు కొదవ లేదు కదా అనుకోవచ్చు. అయితే వారి చేయి తిరిగింది ఇనుము మీద. రాగి బాయిలర్‌కు కావాల్సింది వెండి కలిసిన కడ్డీతో బ్రేజింగ్, ఆ తర్వాత నీటి ఒత్తిడి పరీక్ష. సేఫ్టీ వాల్వు మాత్రం ఎవరేం చెప్పినా కొత్తది వేయించుకోవాలి.

చల్లగా చూడనివ్వని, రేకు విప్పనివ్వని యంత్రానికి అందులోని రాగి, ఇత్తడి తూకానికి వచ్చే ధర మించి ఇవ్వవద్దు.