పదో ఎత్తులో చచ్చే శకటు

1952లో ఇంగ్లండులో క్రిస్టఫర్ స్ట్రేచీ అనే గణితవేత్త, ఫెరాంటి మార్క్ 1 అనే యంత్రానికి డ్రాఫ్ట్స్ ఆట నేర్పాడు. నల్ల గళ్ళలో ఐమూలగా నడుస్తూ, ఎదుటివాడి పావుల మీంచి దూకి చంపే ఆట అది. పావు అవతలి చివరి వరుస చేరితే దానికి రాజయోగం పడుతుంది. స్ట్రేచీ ప్రోగ్రాం బాగానే ఆడేది. ఒక్క వింత అలవాటు మాత్రం ఉండేది. ప్రత్యర్థి పావు చివరి వరుసకు చేరబోతోందనగానే, తన పావుల్ని ఒక్కొక్కటిగా బలికి పెట్టేది. చంపే అవకాశం దొరికితే చంపి తీరాలన్నది ఆ ఆటలో నియమం. కాబట్టి ప్రతి బలికీ ఎదుటివాడి రాజయోగం ఒక ఎత్తు వెనక్కి జరిగేది. యంత్రం లెక్కలో మాత్రం అది తప్పిపోయినట్టే.

ఈ జబ్బుకు పేరు పెట్టడానికి మరో ఇరవయ్యేళ్ళు పట్టింది. అది ఎక్కడ పుట్టిందో తెలియాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్ళాలి.

1949 మార్చిలో న్యూయార్కు సమావేశంలో బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్త క్లాడ్ షానన్ ఒక వ్యాసం చదివాడు. కంప్యూటరుతో చదరంగం ఆడించడం ఎలా అన్నది విషయం. మరుసటి ఏడు అచ్చయిన ఆ వ్యాసంలోని ఉపాయం చెప్పుకోవడానికి చాలా తేలిక. నేను ఆడగల ఎత్తులన్నీ రాసుకో. ఒక్కోదానికి ఎదుటివాడు వేయగల జవాబులన్నీ రాసుకో. వాటికి మళ్ళీ నా జవాబులు. అలా కొన్ని ఎత్తుల లోతు వెళ్ళి ఆగు. ఆగిన చోట బల్ల మీది స్థితికి ఒక అంకె వెయ్యి. ఇప్పుడు కిందినుంచి పైకి రా: నా వంతు వచ్చిన చోట పెద్ద అంకె పట్టుకో, ఎదుటివాడి వంతు వచ్చిన చోట చిన్న అంకె పట్టుకో, ఎందుకంటే వాడు నా మంచి కోరడు. దీని సిద్ధాంతం జాన్ ఫాన్ నోయ్‌మన్ 1928లోనే రాశాడు. ఈ పద్ధతినే మినీమాక్స్ అంటారు.

అసలు గుట్టంతా ఆ అంకెలో ఉంది. చదరంగాన్ని చివరిదాకా చూడగలిగితే గెలుపు, ఓటమి, డ్రా అనే మూడే అంకెలు చాలు. చూడలేం కనకే మధ్యలో ఆగి, ఉజ్జాయింపుగా విలువ కడతాం. షానన్ మంత్రికి 9, ఏనుగుకు 5, గుర్రానికీ శకటుకూ చెరో 3, బంటుకు 1 వేశాడు. రాజుకు 200, అంటే అది పోతే ఇంకేదీ లెక్కలోకి రాదన్నమాట. ఒకదాని వెనక ఒకటి ఇరుక్కున్న బంట్లకు, వెనకబడ్డ బంట్లకు, తోడులేని బంట్లకు అరేసి మార్కు కోత. కదలడానికి వీలున్న ప్రతి ఎత్తుకూ 0.1 కలుపు. తెల్లవైపు మొత్తంలోంచి నల్లవైపు మొత్తం తీసేస్తే ఆ స్థితి విలువ వస్తుంది.

ఇక్కడే చిక్కు. ఒక స్థితిలో సగటున 30 ఎత్తులుంటాయనుకుంటే, ఇరువైపులా మూడేసి ఎత్తులు చూసేసరికి సుమారు వంద కోట్ల దారులు తేలతాయి. ఒక్కో దారికి సెకనులో పదిలక్షలో వంతు చొప్పున వెచ్చించినా ఒక ఎత్తుకు పావుగంట దాటుతుందని షానన్ లెక్కగట్టాడు. అప్పటి యంత్రాలకు ఆ వేగమూ లేదు. అలన్ ట్యూరింగ్‌కైతే యంత్రమే దొరకలేదు. 1952లో ఆలిక్ గ్లెన్నీతో ఆడిన ఆటలో తన ప్రోగ్రాం పాత్ర తనే పోషించి, కాగితం మీద లెక్కలు వేసుకుంటూ ఒక్కో ఎత్తుకు అరగంట దాకా తీసుకున్నాడు. 29 ఎత్తుల్లో ప్రోగ్రాం ఓడింది.

తర్వాత వచ్చిన ఉపశమనం పేరు ఆల్ఫా-బీటా కోత. జాన్ మెకార్తీ 1956 ప్రాంతంలో ప్రతిపాదించినట్టు చెప్పుకుంటారు. ఒకే కాలంలో మరికొందరికీ తట్టింది. ఒక ఎత్తుకు ఎదుటివాడి దగ్గర గట్టి జవాబు ఒకటి కనపడితే, ఆ ఎత్తు పనికిరాదని తేలిపోయినట్టే; మిగతా 29 జవాబులు ఇంకెంత చెడ్డవో చూడడం దండగ. 30 శాఖల చెట్టులో నాలుగు ఎత్తుల లోతుకు 8,10,000 చివరలుంటాయి. అన్నిచోట్లా మంచి ఎత్తే ముందు తగిలితే 1,799 చూస్తే సరిపోతుంది. 1975లో నూత్, మూర్‌లు దీన్ని క్షుణ్ణంగా విశ్లేషించారు. జవాబు మాత్రం మారదు. అదే అంకె తక్కువ శ్రమతో వస్తుందంతే. మరింత లోతుకు పోవచ్చు గానీ, ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు.

ఆగిన చోట ఏమవుతుందో ఒక నిజమైన ఆటలో చూద్దాం. చదరంగం పుస్తకాల్లో నోవా పడవ వల అని పేరున్న పాత ఎర ఇది. 1929లో బుడాపెస్టులో ఎండ్రె స్టైనర్ అంతటి ఆటగాడు కాపాబ్లాంకా చేతిలో ఇందులో చిక్కాడు.

```
1. e4 e5    2. Nf3 Nc6   3. Bb5 a6
4. Ba4 d6   5. d4 b5     6. Bb3 Nxd4
7. Nxd4 exd4  8. Qxd4 c5  9. Qd5 Be6
10. Qc6+ Bd7  11. Qd5 c4
```

ఏడో ఎత్తు పూర్తయ్యేసరికి తెల్లవైపు ఒక బంటు తక్కువ. ఆ బంటు d4లో కాపలా లేకుండా నిలబడి ఉంది. మంత్రి వెళ్ళి చంపితే లెక్క సరి. చంపితే ఏమిటి తప్పు? c5కి వచ్చిన బంటు మంత్రిని తరుముతుంది. d5లో నిలబడి f7 మీద ఆటకట్టు బెదిరింపు, అడ్డంగా శకటు, ఒక చెక్, మళ్ళీ అడ్డంగా శకటు, మళ్ళీ d5లో బెదిరింపు. చివరికి c4కు నల్లబంటు నడిచి, బెదిరింపునూ మూసేస్తుంది, b3లోని తెల్ల శకటును బోనులోనూ వేస్తుంది. ఒక్కొక్కరి కదలికనూ ఒక ఎత్తుగా లెక్కిస్తే, బంటును చంపడం మొదటిది, శకటు చావడం పదోది. నాలుగెత్తులో ఆరెత్తులో చూసే ప్రోగ్రాముకు ఆ చావు కనపడదు. అసలు సరైన ఎత్తు శకటును d5కు తేవడం: ఏనుగు మీద దెబ్బ చూపించి, శకట్లను మార్చుకుని, ఆ తర్వాత అదే బంటును ప్రశాంతంగా చంపొచ్చు. సూత్రం దృష్టిలో మాత్రం రెండు దారులూ సున్నాయే.

విలువ కట్టే సూత్రం కూడా సాయపడదు. అన్ని వైపులా మూసుకుపోయి రేపో మాపో పోబోయే శకటుకూ అది మూడు మార్కులే వేస్తుంది. షానన్ ఇచ్చిన 0.1 కదలిక మార్కులు కొంచెం తగ్గిస్తాయి గానీ మూడు పోతున్నాయని చెప్పలేవు.

ఇప్పుడు పదకొండో ఎత్తు తర్వాతి స్థితికి ఒక చిన్న ప్రోగ్రామును కూర్చోబెడదాం. అది రెండెత్తులు చూస్తుంది. ఆ పైన చంపుళ్ళు మిగిలి ఉంటే వాటిని మాత్రం తేలేదాకా చూస్తుంది. మార్పిడి మధ్యలో అంకె వేస్తే అబద్ధం వస్తుందని షానన్, ట్యూరింగ్ ఇద్దరూ గుర్తించి పెట్టిన జాగ్రత్త అది. తెలివైన మనిషైతే ఇక్కడ ఇలా ఆలోచిస్తాడు: శకటు ఎటూ పోయేదే, పోతూ పోతూ c4 బంటును చంపనీ, దాన్ని చంపిన బంటును మంత్రి చంపుతుంది. మూడు పోయి రెండు వచ్చాయి, నష్టం ఒకటి.

ప్రోగ్రాం ఈ దారిని చూస్తుంది, −1 అని రాసుకుంటుంది. తర్వాత రెండో శకటును g5కు పంపడం చూస్తుంది. అది నల్ల మంత్రిని నేరుగా కొడుతుంది. నల్లవైపు బోనులోని శకటును చంపితే మంత్రి పోతుంది. g5 శకటునే మంత్రితో చంపితే, d5 నుంచి అడ్డంగా వచ్చి తెల్ల మంత్రి ఆ మంత్రిని చంపేస్తుంది. కాబట్టి ప్రోగ్రాము లెక్కలో నల్లవైపుకు ఉన్న మంచి జవాబు f6కు బంటును నడిపి శకటును కసరడం. రెండెత్తులూ అయిపోయాయి. ఇప్పుడు వంతు తెల్లవైపుది. లాభమైన చంపుడేదీ లేదు, ఏదీ ఇంకా పోలేదు. విలువ సున్నా. సున్నా −1 కంటే పెద్దది. ప్రోగ్రాం శకటును g5కు తోలేస్తుంది.

బల్ల మీద ఆ రెండెత్తులూ ఆడేశాక మళ్ళీ చూస్తుంది. ఇప్పుడు రెండు శకట్లూ దెబ్బ కింద ఉన్నాయి. g5దాన్ని వెనక్కి తీస్తే b3ది పోయి ఒక బంటే వస్తుంది. b3ది c4 బంటును చంపినా, తనను చంపిన బంటును మంత్రి అందుకుంటే g5 శకటు పోతుంది, కాబట్టి ఆ బంటును వదిలేయాల్సిందే. ఎటు చూసినా −2. ఒక ఎత్తు వాయిదాకు చెల్లించిన వడ్డీ ఒక బంటు.

1973లో హాన్స్ బెర్లినర్ దీనికి దిగంత ప్రభావం అని పేరు పెట్టాడు. కరస్పాండెన్స్ చదరంగంలో ప్రపంచ చాంపియన్‌గా ఉన్నవాడు కాబట్టి ఈ రోగం లక్షణాలు అతనికి కొట్టొచ్చినట్టు కనిపించాయి. ఇప్పటికీ చిన్న ప్రోగ్రాముతో ఆడుతున్నవారు వీటిని పట్టుకోవచ్చు. అర్థంలేని చెక్‌లు వస్తున్నాయా? ఎవరూ అడగని బంట్లు బలికి వస్తున్నాయా? దాని అంకె నిన్నటిదాకా హాయిగా ఉండి, ఒక్క ఎత్తులో దభీమని పడిందా? అప్పటికే నష్టం కళ్ళ ముందే ఉండి ఉంటుంది. దానికి మాత్రం ఇప్పుడే దిగంతం లోపలికి వచ్చింది. చెక్ వచ్చిన చోట ఇంకో ఎత్తు లోతు పెంచడం, బెదిరింపులను కూడా చూడడం వంటి మందులు వచ్చాయి. అవి దిగంతాన్ని దూరం జరుపుతాయి, చెరపవు.

చదరంగం దాటి సైన్యాలు, పట్టణాలు, వనరులు ఉన్న వంతులవారీ వ్యూహక్రీడలకు వస్తే ఈ పద్ధతి ఇంకా ముందే చతికిలపడుతుంది. 1991లో వచ్చిన సివిలైజేషన్ లాంటి ఆటలో ఒక వంతులో ఆటగాడు తన దళాలన్నిటినీ కదపొచ్చు. పది దళాలుండి, ఒక్కోదానికి ఐదు దారులే ఉన్నాయనుకున్నా ఒక్క వంతుకే 97 లక్షల పైచిలుకు కలయికలు. ఎదుటివాడి ఒక్క జవాబూ కలిపితే దాదాపు 95 లక్షల కోట్లు. చదరంగంలో ఆ రెండెత్తులకు 900 చాలు. పైగా మ్యాపులో చాలా భాగం మబ్బులో ఉంటుంది. కనపడని సైన్యానికి మినీమాక్స్ జవాబు చెట్టు వేయలేదు. అందుకే ఇలాంటి ఆటలు సాధారణంగా చేత్తో రాసిన నియమాలతో నడుస్తాయి: ఊరు ప్రమాదంలో ఉంటే కాపలా పెంచు, బలం ఇంత దాటితే దండెత్తు. ఆ నియమాల కీలకం కనిపెట్టిన ఆటగాడు ప్రతిసారీ అదే వైపునుంచి లాగి కొడతాడు.

కావాలని యంత్రాల్ని ఇబ్బంది పెట్టే ఆట ఒకటి కూడా ఉంది. ఒమర్ సయీద్ రూపొందించిన అరిమా, మామూలు చదరంగం బల్ల మీదే ఆడొచ్చు. ఒక వంతులో నాలుగు అడుగుల దాకా వేయొచ్చు కాబట్టి సగటున 17 వేలకు పైగా ఎంపికలుంటాయి. మనుషుల్లో మేటి వాళ్ళను ఓడించే ప్రోగ్రాముకు 10 వేల డాలర్ల బహుమతి ప్రకటించారు. ఆ బహుమతి 2015లో షార్ప్ అనే ప్రోగ్రాముకు దక్కింది. అదీ ఆల్ఫా-బీటానే వాడింది. కాకపోతే ఆ వేల ఎంపికల్లో ముందు ఏవి చూడాలో, ఏవి వదిలేయాలో మేటి ఆటగాళ్ళ ఆటల నుంచి నేర్చుకుంది.