ఐజీఎంపీ స్నూపింగ్

ఐజీఎంపీ స్నూపింగ్ అనేది సెట్‌టాప్ బాక్సులు పంపే చేరిక సందేశాలను నెట్‌వర్క్ స్విచ్ గమనించి, మల్టీకాస్ట్ వీడియోను కోరిన పోర్టులకే పంపే పద్ధతి. దీని మార్గదర్శకాలు 2006లో ఆర్‌ఎఫ్‌సీ 4541గా వెలువడ్డాయి. స్నూపింగ్ లేని స్విచ్ ప్రతి ఛానల్‌నూ అన్ని పోర్టులకూ పంపుతుంది. సెకనుకు 8 మెగాబిట్ల ఛానళ్లు 15 కలిస్తే 100 మెగాబిట్ల పోర్టు నిండిపోయి బొమ్మ తునకలవుతుంది.

స్నూపింగ్ ఉన్నా క్వెరియర్ లేకపోతే ఛానల్ బాగానే మొదలై, సుమారు 260 సెకన్లకు ఆగుతుంది. ప్రసారం ఎవరికి కావాలని క్వెరియర్ సాధారణంగా 125 సెకన్లకోసారి అడుగుతుంది. ఆ ప్రశ్న రాకపోతే బాక్సు తన చేరికను మళ్లీ తెలపదు. స్విచ్ రెండు విరామాలు, మరో 10 సెకన్లు చూసి పోర్టును జాబితా నుంచి తొలగిస్తుంది. ఛానల్ మార్చగానే బొమ్మ తిరిగి వచ్చి, అంతే వ్యవధిలో మళ్లీ ఆగడం దీని ఆనవాలు. రౌటర్‌లో గానీ, స్విచ్‌లో గానీ క్వెరియర్‌ను ప్రారంభిస్తే ఈ లోపం తొలగుతుంది.