బిర్సా ముండా పుట్టింది ఏ సంవత్సరం? పీఠం మీద ఏమని చెక్కాలి?

నవంబర్ 15 దగ్గరకు వస్తుందంటే మన సంఘంలో ఫ్లెక్సీల పని మొదలవుతుంది. ఓసారి మాకు రెండు ఊళ్ల నుంచి రెండు నమూనాలు వచ్చాయి. ఒకదాని మీద భగవాన్ బిర్సా ముండా జననం 1875 అని ఉంది, మరోదాని మీద 1874 అని ఉంది. ఫ్లెక్సీ అయితే మరుసటి ఏడాది మార్చుకోవచ్చు. కానీ విగ్రహం పీఠం మీద రాతిలో చెక్కాలంటే ఏది చెక్కాలి? ఈ ప్రశ్నతో కూర్చున్నప్పుడు మేము ఏ దారిన వెళ్లామో యువతకు చెప్పడానికే ఈ వ్యాసం.

ఎక్కువ పుస్తకాలు 1875 అంటున్నాయి కాబట్టి అదే నిజమని తేల్చడం మొదట వచ్చే ఆలోచన. అది తప్పు దారి. పది పుస్తకాలు ఒకే పాత పుస్తకాన్ని చూసి రాసి ఉంటే అవి పది సాక్ష్యాలు కావు, ఒక్క సాక్ష్యమే. అందుకే ప్రతి తేదీ దగ్గరా ‘ఇది ఎవరు చెప్పారు, వారికి ఎలా తెలిసింది’ అని వెనక్కి వెళ్లాలి. పుస్తకాల అట్టలు కూడా మోసం చేస్తాయి. బిర్సా ఉద్యమంపై ప్రామాణికంగా పరిశోధించిన కె.సురేశ్ సింగ్ పుస్తకం శీర్షికలో 1874–1901 అని ఉంటుంది. దాన్ని చూసి అదే బిర్సా జీవితకాలం అనుకునేవారున్నారు. కానీ బిర్సా రాంచీ జైలులో కన్నుమూసింది 1900 జూన్ 9న. అంటే ఆ శీర్షికలోని అంకెలు ఉద్యమ కాలాన్ని చెబుతున్నాయి. వాటిని జనన మరణాల తేదీలుగా ఎత్తి రాసుకోకూడదు.

అసలు పుట్టిన తేదీ ఎందుకు తేలడం లేదు? బిర్సా పుట్టిన రోజుల్లో ఛోటానాగ్‌పుర్ ముండా పల్లెల్లో పుట్టుకను కాగితం మీద రాసే అలవాటు లేదు. దేశమంతటికీ వర్తించే జనన మరణాల నమోదు చట్టం 1886లో వచ్చింది, అదీ ఇష్టమైనవారు నమోదు చేసుకునేందుకే. అప్పటికి బిర్సా బడికి వెళ్లే పిల్లవాడు. పుట్టిన ఊరి విషయంలోనే జానపద గీతాలు ఒకచోట ఉలిహాతు అనీ, మరోచోట చల్కద్ అనీ చెబుతాయి. తేదీ విషయంలో తేడా రావడం ఆశ్చర్యం కాదు.

ముండాలు దాచుకున్న ఒక ఆనవాలు మాత్రం ఉంది, అది ఆయన పేరు. గురువారం, అంటే బృహస్పతివారం పుట్టాడు కనుక బిర్సా అని పేరు పెట్టారని సంప్రదాయం. దీన్ని మనమే లెక్కవేసి పరీక్షించవచ్చు. ఝార్ఖండ్ రాష్ట్రం 2000 నవంబర్ 15న ఏర్పడింది, ఆ రోజు బుధవారం. అక్కడి నుంచి 1875 నవంబర్ 15కి వెనక్కి వెళితే 125 ఏళ్లు. ఏడాదికి ఒక వారం చొప్పున 125 వారాలు వెనక్కి జరుగుతాయి. మధ్యలో వచ్చిన ప్రతి ఫిబ్రవరి 29కీ మరో వారం జరుగుతుంది. 1876 నుంచి 2000 వరకు నాలుగేళ్లకొకటి చొప్పున 32 రావాలి, కానీ 1900 లీపు సంవత్సరం కాదు కనుక 31. మొత్తం 156. దాన్ని ఏడుతో భాగిస్తే మిగిలేది 2. బుధవారం నుంచి రెండు రోజులు వెనక్కి వెళితే సోమవారం. 1900ను లీపు సంవత్సరంగా లెక్కపెట్టినవారికి ఆదివారం వస్తుంది, చాలామంది జారేది అక్కడే.

కాబట్టి 1875 నవంబర్ 15 సోమవారం. ఇంకో ఏడాది వెనక్కి వెళ్లి 1874 చూస్తే ఆదివారం. రెండింటిలో ఏదీ గురువారం కాదు! అలాగని 1875 తప్పని తేలిందా? తేలలేదు. ‘నవంబర్ 15’, ‘గురువారం’ అనే రెండు మాటలూ ఈ రెండు సంవత్సరాల్లో దేనితోనూ కలిసి నిలబడవని మాత్రమే తేలింది. పుట్టింది అదే వారంలోని 11నో 18నో కావచ్చు. పేరు పుట్టిన వారాన్ని బట్టి కాక వేరే కారణంతో వచ్చి ఉండవచ్చు. వారం లెక్క ఒక తేదీని అనుమానించడానికి పనికొస్తుంది గానీ, ఒంటరిగా ఏ తేదీనీ నిలబెట్టలేదు.

ఇక ఒక్క ఏడాది తేడా ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. మన పెద్దలను వయసు అడిగితే ‘డెబ్బై నడుస్తోంది’ అంటారు. అంటే నిండినవి 69. ఇప్పుడు ‘చనిపోయేనాటికి బిర్సాకు 25 ఏళ్లు’ అనే మాట మన చేతికి వచ్చిందనుకోండి. అది నిండిన 25 అయితే ఆయన 1874 జూన్‌కూ 1875 జూన్‌కూ మధ్య పుట్టి ఉండాలి. నవంబర్ బిడ్డ కనుక 1874 అవుతుంది. నడుస్తున్న 25 అయితే 1875 జూన్ తర్వాత పుట్టినట్టు, అప్పుడు నవంబర్ 1875లో పడుతుంది. ఒకే మాట, రెండు సంవత్సరాలు. ఎవరూ అబద్ధం చెప్పకుండానే రెండు తేదీలు పుట్టగలవు. అందుకే వయసు కనిపించిన చోటల్లా అది నిండినదా, నడుస్తున్నదా అని అడగాలి. 20, 25, 30 లాంటి గుండు అంకెలు కనిపిస్తే అవి అంచనా అనే అనుకోవాలి.

మరి ఏ కాగితాన్ని ఎక్కువ నమ్మాలి? పుట్టుకకు దగ్గరి కాలంలో, ఆయన పేరు మోగకముందు, మరేదో పని కోసం రాసినదాన్ని. బిర్సా కుటుంబం కొంతకాలం క్రైస్తవంలో ఉంది, ఆయన చాయ్‌బాసాలో జర్మన్ మిషన్ బడిలో చదివారు. బాప్తిస్మ రిజిస్టరు, బడిలో చేర్చుకున్న రిజిస్టరు లాంటివి ఇందుకు మొదటి వరుసలోకి వస్తాయి. 1895లో అరెస్టయినప్పటి కోర్టు, జైలు కాగితాలు రెండో వరుస. అక్కడి వయసు అడిగో, ముఖం చూసో రాసేది. వీటి వెనుక తరతరాల జ్ఞాపకం, చివరన మన కాలపు పుస్తకాలు. మొదటి వరుసలోనూ వయసు ఇంటివాళ్లు చెప్పిందే. కనుక ఒకదానికి మరొకటి తోడు నిలిచినప్పుడే బలం.

చివరికి మేము పీఠానికి ఇలా రాసుకున్నాం: ‘జననం: 1875 ప్రాంతం. జయంతి: నవంబర్ 15. మరణం: 1900 జూన్ 9, రాంచీ జైలు.’ జయంతి వేరు, పుట్టిన తేదీ వేరు. 2021 నుంచి నవంబర్ 15ను జనజాతీయ గౌరవ దివస్‌గా దేశమంతా జరుపుకుంటోంది. మనమూ ఆ రోజే జరుపుకుంటాం, దానికి రుజువు అక్కర్లేదు. పుట్టిన సంవత్సరాన్ని మాత్రం తెలిసినంత మేరకే చెక్కాలి. మరణ తేదీ దగ్గర ‘ప్రాంతం’ అనే మాట పెట్టే అవసరం రాలేదు. ఎందుకంటే ఆయన పుట్టినప్పుడు కాగితం పట్టుకొని ఎవరూ రాలేదు, చనిపోయేనాటికి ఆయన సర్కారు ఖైదీ.

మన కొమరం భీమ్ విషయంలోనూ పుట్టిన సంవత్సరం 1900 అని కొందరు, 1901 అని కొందరు రాస్తున్నారు. ఈసారి ఎవరైనా మీకు ఒక సంవత్సరం చెబితే వాదించకండి. ‘ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? ఆ వయసు నిండినదా, నడుస్తున్నదా?’ అని మూడు ప్రశ్నలు అడగండి. జవాబులు ఒక నోటు పుస్తకంలో రాసి, చెప్పినవారి పేరు, చెప్పిన తేదీ కూడా పక్కన వేయండి. ఆ తేదీ లేకపోతే రేపు మీ పుస్తకం దగ్గరా ఇదే తగువు మొదలవుతుంది.