జర్మన్ రాజీనామాలో రెండో వాక్యం

మా సోమల తమ్ముడొకడు (చిన్నాన్న కొడుకు) జర్మనీలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాడు. ఉద్యోగం మానేస్తూ జర్మన్‌లో రాసుకున్న రాజీనామా నాకు చూపించాడు. ఉన్నవి రెండే వాక్యాలు. ఫలానా తేదీకి మానేస్తున్నాను. నా పనితీరు, నడవడిక గురించి కూడా రాసి సర్టిఫికెట్ ఇవ్వండి.

"రెండోది అడగాల్నా అన్నా? రిలీవింగ్ లెటర్ వాళ్ళే ఇస్తారు గదా" అన్నాడు.

మొదటి వాక్యం సంగతి తేలిక. అక్కడి సివిల్ కోడ్ 623వ సెక్షన్ ప్రకారం 2000 మే 1 నుంచి రాజీనామా కాగితం మీదే ఉండాలి, కింద చేత్తో సంతకం పెట్టాలి. ఈమెయిల్ చెల్లదు. (తమాషా ఏంటంటే, మన కంప్యూటర్ వాళ్ళకి జర్మనీ గ్రీన్‌కార్డ్ తలుపు తెరిచింది కూడా ఆ ఏడాది ఆగస్టులోనే!) మామూలు గడువు నాలుగు వారాలు, అదీ నెల 15కి గానీ నెలాఖరుకి గానీ ముగియాలి. ఉత్తరం మార్చి 3న అందితే 31తో సరి. 4న అందిందా, ఏప్రిల్ 15 దాకా పోవాల్సిందే.

అసలు కథంతా రెండో వాక్యంలో ఉంది. 1530లోనే అక్కడి సామ్రాజ్య శాసనం ఒకటి, పాత యజమాని చీటీ లేని పనివాణ్ణి చేర్చుకోవద్దంది. 1846లో ప్రష్యాలో ఇంటి పనివాళ్ళకి ఏకంగా పుస్తకాలే పెట్టారు. మానేసిన ప్రతిసారీ యజమాని అందులో అభిప్రాయం రాస్తాడు. ఒక్క చెడ్డమాట పడితే అది తర్వాతి ఇంటి గుమ్మం దాకా వెంట వస్తుంది. అంటే ఆ చీటీ పనివాడి మెడకి కట్టిన పలుపు.

1900లో అమలైన సివిల్ కోడ్ దాన్ని తిరగేసింది. సర్టిఫికెట్ పనివాడి హక్కు అయింది. పనితీరు, నడవడిక అందులో రావాలంటే మాత్రం అతనే కోరాలి. కోరకపోతే చేసిన పని, ఎన్నాళ్ళు చేశాడు, అంతే. ఇప్పటి చట్టం కూడా ఇదే పద్ధతి. అందుకే ఆ రెండో వాక్యం.

ఇక చిక్కు ఎక్కడొస్తుందంటే, సర్టిఫికెట్ నిజం చెప్పాలి, కానీ మనిషి భవిష్యత్తుకి అడ్డం రాకూడదు అంటాయి కోర్టులు. దాంతో మెచ్చుకోళ్ళలోనే మార్కులు దాక్కున్నాయి. "పూర్తి తృప్తిగా చేశాడు" అంటే మూడో గ్రేడు, మధ్యరకం. దానికి "ఎల్లప్పుడూ" (ష్టేట్స్) చేరిస్తే రెండో గ్రేడు. "ప్రయత్నించాడు" అని రాశారా, పని రాలేదని అర్థం!

ఆ ఒక్క మాట కోసం బెర్లిన్‌లో ఒక పళ్ళ డాక్టరు దగ్గర ఏడాది పాటు రిసెప్షన్, ఆఫీసు పని చూసిన ఆవిడ కోర్టుకెళ్ళింది. కింది రెండు కోర్టులూ ఆవిడ పక్షమే. దాదాపు 90 శాతం సర్టిఫికెట్లలో మంచి గ్రేడ్లే ఉంటున్నాయి కదా అన్నాయి. 2014 నవంబర్ 18న ఫెడరల్ లేబర్ కోర్టు ఒప్పుకోలేదు. అందరికీ ఏమిస్తున్నారన్నది కాదు, మధ్యరకం మూడో గ్రేడే, అంతకన్నా మంచిది కావాలంటే తన పని అంత బాగుందని ఉద్యోగే చూపించాలి అని చెప్పి కేసు వెనక్కి పంపింది.