కొలను పచ్చదనం, ఎర్రగడ్డ పొర: రంగు సాక్ష్యం ఎంతవరకు?

చంద్రగిరి కోటకు వచ్చినవాళ్లు రాజమహల్ చూస్తారు, రాణిమహల్ చూస్తారు. నిలవనీటి మీద పచ్చగా తేలే నాచును మాత్రం ఎవరూ చూడదగ్గ వస్తువుగా లెక్కపెట్టరు. అలాంటి నీటిని ఒక చుక్క గాజు పలక మీద వేసి, పక్కనే ఇంటి ఎర్రగడ్డ పొరను పరిచి, సూక్ష్మదర్శిని కింద రెండు ఫొటోలు తీశామనుకుందాం. ఒకదానిలో పచ్చటి దారాలు, ఇంకొకదానిలో ఎర్రటి గళ్లు. పచ్చగా ఉంటే నాచు, ఎర్రగా ఉంటే ఎర్రగడ్డ అని బడిపిల్లలే కాదు, చాలామంది పెద్దలూ వెంటనే చెప్పేస్తారు. ఈ రెండు ఫొటోల వరకు ఆ జవాబు సరైనదే కావచ్చు, కానీ అక్కడికి చేరిన దారి తప్పు. ఫొటోలో కనిపించే జీవిని గుర్తుపట్టడానికి ముందు ఆకారం, తర్వాత లోపలి నిర్మాణం చూడాలి. రంగు చివర రావాలి. అది వచ్చినప్పుడు కూడా జీవి సొంత రంగా, మనం పూసిన రంగా అన్నది ముందు తేల్చుకోవాలి.

చరిత్ర కూడా ఈ వరుసలోనే నడిచింది. 1674లో హాలండ్‌లోని ఒక సరస్సు నీటిని లీవెన్‌హుక్ తన చిన్న గాజు కటకంతో పరిశీలించి, మెలికలు తిరిగిన పచ్చటి పట్టీల గురించి రాశాడు. ఆ వర్ణన చదివినవాళ్లు అది స్పైరోగైరా అని ఇప్పటికీ గుర్తుపడుతున్నారంటే, కారణం పచ్చదనం కాదు. నీటిలో పచ్చగా ఉండేవి వందలు. కణం లోపల పట్టీ మరమేకు మరలాగా చుట్టుకుని ఉండటమే దాని ముద్ర. కేంద్రకాన్ని కణంలో సాధారణంగా ఉండే భాగంగా గుర్తించి దానికి పేరు పెట్టిన రాబర్ట్ బ్రౌన్ కూడా 1831 నాటికి ఆర్కిడ్ మొక్కల పొరల్లో ఏ అద్దకమూ లేకుండానే దాన్ని చూశాడు. కణజాలానికి కార్మైన్ లాంటి రంగులద్ది చూడటం వాడుకలోకి వచ్చింది ఆ తర్వాతే, 1850ల చివర్లో. అంటే కంటికి పని సులువు చేయడానికి రంగులు వచ్చాయి. అంతకుముందే ఎన్నో జీవులకు ఆకారం చూసి పేర్లు పెట్టేశారు.

ఎర్రగడ్డ విషయంలో ఇది మరింత బాగా తెలుస్తుంది. పొలుసు లోపలివైపు నుంచి పల్చటి పొర తీసి చూస్తే దానికి రంగే ఉండదు. సఫ్రనిన్ చుక్క వేస్తే కేంద్రకం, గోడలు ఎర్రబడతాయి. అదే పొరకు మిథిలీన్ బ్లూ వేస్తే కేంద్రకం నీలంగా తేలుతుంది. అయోడిన్ వేస్తే పసుపు గోధుమ రంగు. ఒకే పొరకు మూడు ఫొటోలు, మూడు రంగులు. పైగా ఎర్రటి పొలుసు బయటివైపు పొర తీస్తే, ఏ మందూ వేయకుండానే కొన్ని కణాలు ఊదాగా నిండి ఉంటాయి. అది కణం మధ్యలో ఉండే రిక్తికలోని రసం రంగు. సఫ్రనిన్ ఎరుపు గోడకూ కేంద్రకానికీ పడుతుంది, ఈ ఊదా మాత్రం గోడను వదిలి లోపల నిండుతుంది. రంగు పేరు కన్నా రంగు ఎక్కడుందన్నదే అసలు సమాచారం. ఇక ఈ ఫొటోలన్నిటిలో మారనివి కొన్నున్నాయి. పొడుగాటి కణాలు సందు లేకుండా పేర్చినట్టు ఉంటాయి, ఒక్కొక్క కణానికీ స్పష్టమైన గోడ ఉంటుంది, రిక్తిక నెట్టేయడంతో కేంద్రకం ఒక పక్కకు ఒదిగి ఉంటుంది. కొన్ని కణాల్లో కేంద్రకం నడిమధ్యలో గుండ్రంగా కనబడుతుంది. అది కూడా ఎక్కువసార్లు పైగోడకో కిందిగోడకో అంటుకున్నదే, మనం ఎదురుగా చూస్తున్నాం కాబట్టి మధ్యలో ఉన్నట్టుంటుంది. నల్లటి మందపాటి అంచుతో చక్కగా గుండ్రంగా, లోపల ఏమీ లేకుండా మెరిసేది కనబడితే మాత్రం అది కణం కాదు. కవర్ స్లిప్ వాల్చకుండా ఒక్కసారిగా వేసినందుకు చిక్కిన గాలిబుడగ.

రంగును ఇలా చివరికి నెట్టడానికి గట్టి అభ్యంతరమే ఉంది. అయోడిన్ రంగు పిండిపదార్థాన్ని పట్టి చూపుతుంది కదా, అది ఆకారం కన్నా నమ్మదగ్గ సాక్ష్యం కాదా అని అడగవచ్చు. నిజమే. అయితే ఏ మందు వేశామో తెలిసినప్పుడే అది సాక్ష్యం అవుతుంది. స్పైరోగైరాకు అయోడిన్ వేస్తే పచ్చటి పట్టీ మీద వరసగా ఉన్న పైరినాయిడ్‌ల చుట్టూ నీలినలుపు మచ్చలు తేలతాయి, అక్కడ పిండి ఉంది కాబట్టి. ఎర్రగడ్డ తన నిల్వను పిండిగా కాక చక్కెరల రూపంలో దాచుకుంటుంది, అందుకే దాని పొరలో నీలినలుపు రాదు. యూగ్లినా పచ్చగానే ఉన్నా దాచుకునేది పారమైలాన్, దానికి కూడా అయోడిన్‌తో నీలం రాదు. కాబట్టి పచ్చటి చిన్న జీవి ఫొటోలో అయోడిన్ వేసినా నీలినలుపు లేకపోవడం, కణకవచం లేకపోవడం, ముందువైపు ఎర్రటి కంటిచుక్క ఉండటం, ఈ మూడూ కలిస్తే యూగ్లినా అనవచ్చు. ఏ ఒక్కటీ ఒంటరిగా సరిపోదు. చచ్చేముందు యూగ్లినా ముడుచుకుని గుండ్రమైపోతుంది, అప్పుడు ఆకారం కూడా మోసం చేస్తుంది. కదలికే చూపని ఫొటోకు ఇది పెద్ద లోటు.

మరి కొలత సంగతి? అదీ అనుకున్నంత సాయం చేయదు. పారమీషియం కాడేటమ్ పొడవు మిల్లీమీటరులో ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది, ఎర్రగడ్డ కణం పొడవు కూడా దాదాపు అంతే. రెంటినీ విడదీసేది నిర్మాణం. పారమీషియం పక్కన కణం ఉండదు, గోడ ఉండదు, చుట్టూ సన్నటి నూగు ఉంటుంది, ఒక పక్క నోటివైపు వాలుగా గాడి పడి ఉంటుంది.

రంగును నమ్మి గెలిచినవాళ్లు లేరా అంటే ఉన్నారు, మన తెలుగు నేల మీదే ఉన్నారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ దగ్గర బేగంపేటలో రోనాల్డ్ రాస్ మలేరియా రోగి హుస్సేన్ ఖాన్‌ను నాలుగు రోజుల ముందు కుట్టిన దోమను కోశాడు. పొట్టగోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు కనబడ్డాయి. అది అద్దిన రంగు కాదు, మలేరియా పరాన్నజీవి రక్తంలో ఉండగా తయారయ్యే నలుపు. ఆ రంగు ఆయనకు దారి చూపిన మాట నిజం. కానీ రంగు చూసి ఊరుకోలేదు. అంతకుముందు కోసిన ఎన్నో దోమల పొట్టల్లో అలాంటి కణాలు లేవన్నది ఒక ఆధారం. మర్నాడు అదే తడవ దోమల్లో ఇంకొకదాన్ని కోస్తే కణాలు ముందురోజుకన్నా పెద్దవిగా ఉండటం రెండోది. పెరుగుతున్నది దోమ సొంత కణం కాదు, దానిలో చేరిన వేరే జీవి అన్న తీర్పు రంగుతో పాటు ఈ రెండూ కలిసి ఇచ్చాయి. ఒక్క ఫొటోలో ఈ పెరుగుదల పట్టదు, రెండు రోజుల రెండు చిత్రాలు పక్కపక్కన ఉండాలి.

మన కొలను ఫొటోకు తిరిగి వస్తే, పచ్చటి దారంలో మెలిపట్టీ స్పష్టంగా ఉంటే స్పైరోగైరా అని ధైర్యంగా రాయవచ్చు. ఒక్కో కణంలో ఎన్ని పట్టీలున్నాయో, కణం వెడల్పెంతో, అడ్డగోడ సాదాగా ఉందో మడత పడి ఉందో కూడా రాసుకోవచ్చు. జాతి పేరు దాకా పోవాలంటే ఇవి చాలవు. 1959లో వెలువడిన ఎం.ఎస్. రంధావా గ్రంథం స్పైరోగైరా కుటుంబపు జాతులను వర్ణించింది. అలాంటి వర్గీకరణలో పెద్ద బరువు రెండు దారాలు కలుసుకున్నప్పుడు ఏర్పడే సంయుక్తబీజాల ఆకారం, గోడ నమూనా మీద పడుతుంది. ఆ బీజాలు లేని ఫొటో కింద ఎంత నిపుణుడైనా స్పైరోగైరా అని రాసి, పక్కన జాతి పేరు ఉండాల్సిన చోటు ఖాళీగా వదలాలి.