మునిగినా బతికే స్వర్ణ

వరి నీటి పంట అని మీరు చిన్నప్పటినుంచి వింటూనే ఉంటారు. ఆ మాట సగమే నిజం. వేళ్లు నీటిలో ఉంటే వరికి హాయిగానే ఉంటుంది. కాని కొస ఆకుతో సహా మొక్క అంతా వారానికి మించి నీట మునిగితే చాలా రకాలు చచ్చిపోతాయి. మునిగిన మొక్క ఊపిరి కోసం పైకి సాగుతుంది. ఉన్న పిండి పదార్థమంతా ఆ సాగడానికే ఖర్చు పెడుతుంది. నీరు తీసేనాటికి బలం లేక బురదలో వాలిపోతుంది.

ఒడిశాలోని ఒక పాత దేశవాళీ రకం మాత్రం ఇలా చేయదు. దాని నుంచి ఎంపిక చేసిన వంగడానికి ఎఫ్ఆర్13ఎ అని పేరు. నీట మునగగానే అది ఎదుగుదల ఆపేసి, ఉన్న తిండిని పొదుపుగా వాడుకుంటూ రెండు వారాలపాటు ఓపిక పడుతుంది. నీరు తీశాక మళ్లీ చిగురిస్తుంది. ఈ గుణం శాస్త్రజ్ఞులకు దశాబ్దాల ముందే తెలుసు. అయినా ముంపును తట్టుకునే మంచి రకం రైతు చేతికి అందింది 2009లోనే. ఇంత ఆలస్యం ఎందుకైంది?

ఎఫ్ఆర్13ఎ పొడుగ్గా పెరిగి పడిపోయే మొక్క. దిగుబడి తక్కువ, గింజ నాసి. దాన్ని మంచి రకంతో సంకరం చేస్తే పిల్ల మొక్కకు ముంపును తట్టుకునే జన్యువుతో పాటు ఈ అవలక్షణాలు కూడా వస్తాయి. వాటిని వదిలించుకోవడానికి ఆ పిల్లను మళ్లీ మళ్లీ మంచి రకంతోనే సంకరం చేయాలి. దీనినే బ్యాక్‌క్రాస్ అంటారు. లెక్క తేలికైనదే. మొదటి సంకరంలో మంచి రకం వాటా సగం. ఒక బ్యాక్‌క్రాస్ తర్వాత సగటున 75 శాతం, రెండయితే 87.5 శాతం. 99 శాతం దాటాలంటే ఆరు బ్యాక్‌క్రాస్‌లు కావాలి.

చిక్కంతా ప్రతి తరంలోనూ ఏ మొక్కను ఎంచుకోవాలన్నదే. ముంపు గుణం ఆకును చూస్తే తెలియదు. నారును తొట్టెలో రెండు వారాలు ముంచి ఉంచి, ఆ తర్వాత ఎన్ని బతికాయో లెక్కపెట్టాలి. బతికిన మొక్కలు కూడా నీరసించి, ఆలస్యంగా ఈనుతాయి. అదృష్టం కొద్దీ బతికింది ఏది, జన్యువు వల్ల బతికింది ఏది అన్నది ఒక్క మొక్కను చూసి చెప్పలేం. దాని విత్తనం పండించి, ఆ సంతానాన్ని మళ్లీ ముంచి చూడాలి. ఇలా ఒక్కొక్క మెట్టుకు ఒక పంటకాలం అదనంగా పోతుంది.

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఈ దారిలోనే ఏళ్ల తరబడి శ్రమించింది. ముంపును తట్టుకుంటూ దిగుబడి కూడా ఇచ్చే మొక్కలు 1990ల నాటికి తయారయ్యాయి. వాటిలో ఐఆర్49830 అనే సంకరం నుంచి వచ్చిన ఒక వరుసను గుర్తుంచుకోండి, మళ్లీ కనిపిస్తుంది. అయితే రైతులు వీటిని ఆదరించలేదు. అలవాటైన గింజను, అన్నం రుచిని వదులుకుని, ఏటా రాని వరద కోసం ఎవరు కొత్త రకం వేస్తారు? నన్నడిగితే రైతుల నిర్ణయమే సబబు.

అప్పుడు దారి మారింది. 1996లో కెనాంగ్ షూ, డేవిడ్ మెకిల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ముంపును తట్టుకునే గుణంలో పెద్ద వాటా తొమ్మిదో క్రోమోజోముపై ఒకే చోట ఉందని చూపించారు. ఆ చోటుకు సబ్1 అని పేరు పెట్టారు. చోటు తెలిస్తే పక్కనే గుర్తు పెట్టుకోవచ్చు. ఆ గుర్తే మార్కర్.

మార్కర్ అంటే ఏమిటో చూడండి. డీఎన్ఏలో కొన్నిచోట్ల రెండు మూడు అక్షరాలు మంత్రం జపించినట్లు పదే పదే వస్తాయి. ఒక రకంలో ఆ జపం పదిసార్లుంటే మరో రకంలో పదిహేను సార్లుండవచ్చు. నారు మొక్క ఆకు కొస తుంచి డీఎన్ఏ తీసి, పీసీఆర్ పద్ధతిలో ఆ ముక్కకు లక్షలాది నకళ్లు చేసి, జెల్‌లో విద్యుత్తుతో పరుగెత్తిస్తే పొట్టి ముక్క ముందుకు పోతుంది, పొడుగు ముక్క వెనకబడుతుంది. రెండు గీతలూ కనిపిస్తే ఆ మొక్కలో ఇద్దరు తల్లిదండ్రుల వాటా ఉన్నట్లే. మొక్కను ముంచనక్కరలేదు. అంతకంటే ముఖ్యం, ఈనక ముందే ఫలితం తెలుస్తుంది కనుక ఎంచుకున్న మొక్కను అదే పంటకాలంలో సంకరం చేయవచ్చు. కాలం ఆదా అయ్యేది ఇక్కడే.

ఈ పద్ధతికి ఎంచుకున్న రకాల్లో మొదటి వరుసలోది మన స్వర్ణ. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో పుట్టిన ఎంటీయూ 7029 ఇదే. తూర్పు భారతంలోని లోతట్టు పొలాల్లో విస్తారంగా పండుతుంది. అక్కడే వరద బెడద కూడా ఎక్కువ. హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలకాలయానికి చెందిన సి.ఎన్. నీరజ, మెకిల్, వారి సహచరులు అంతర్జాతీయ సంస్థలో స్వర్ణను ఐఆర్49830 వరుసతో సంకరం చేశారు.

మొదటి బ్యాక్‌క్రాస్‌లో దాదాపు ఏడు వందల మొక్కలు వచ్చాయి. సబ్1 మార్కర్‌తో చూస్తే వాటిలో సుమారు సగం మిగిలాయి. ఇది మొదటి జల్లెడ. రెండో జల్లెడ ఇంకా సన్ననిది. జన్యువు ఒంటరిగా రాదు, క్రోమోజోములో తన ఇరుగుపొరుగును కూడా వెంటబెట్టుకుని వస్తుంది. ఆ పొరుగును తెంచాలంటే సబ్1కు అతి దగ్గరలో క్రోమోజోము తెగి స్వర్ణ ముక్కతో అతుక్కున్న మొక్క కావాలి. అలాంటివి చాలా అరుదు. రెండు వైపులా ఒకే తరంలో దొరకడం మరీ అరుదు కనుక, ఒక తరంలో ఒక వైపు, తర్వాతి తరాల్లో రెండో వైపు వెతికారు. వందలాది మొక్కలు పెంచింది ఇందుకే. మూడో జల్లెడలో మిగతా క్రోమోజోములన్నిటిపై ఉన్న మార్కర్లు చూసి, స్వర్ణ వాటా ఎక్కువగా ఉన్న మొక్కలను ఏరారు.

ఫలితం 2007లో ప్రచురితమైంది. ఆరు బదులు మూడే బ్యాక్‌క్రాస్‌లు, పట్టిన కాలం రెండు మూడేళ్లు. పరీక్షించిన మార్కర్లన్నిటి ప్రకారం సబ్1 చుట్టూ ఉన్న 23 నుంచి 34 లక్షల డీఎన్ఏ అక్షరాల ముక్క తప్ప మిగిలినదంతా స్వర్ణే. వరి డీఎన్ఏ మొత్తంలో ఆ ముక్క ఒక శాతం కూడా కాదు.

అయితే మార్కర్ చెప్పేది జన్యువు ఉండవచ్చుననే. మార్కర్‌కూ జన్యువుకూ మధ్య క్రోమోజోము తెగితే గుర్తు మిగిలి గుణం పోతుంది. అందుకే చివరి మొక్కల సంతానాన్ని తప్పనిసరిగా ముంచి చూడాలి. 2006లో అసలు జన్యువు సబ్1ఎ దొరికాక ఈ బెంగ చాలా తగ్గింది. మార్కర్ తగ్గించలేని కాలం కూడా ఒకటుంది. అది పొలంలో పరీక్షించే కాలం. వానకాలం పంటను ప్రయోగశాలలో ముందుకు జరపలేం. స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాలను మించి ముంపు నిలిచిపోయే పొలంలో దానికీ గ్యారంటీ లేదు.

ఇంకొక ముచ్చట. స్వర్ణ వడ్ల పైపొట్టు బంగారు రంగులో ఉంటుంది. స్వర్ణ సబ్1 వడ్లు మాత్రం మామూలు గడ్డి రంగులో ఉంటాయి. పొట్టు రంగును మార్చే జన్యువు సబ్1కు ఎంత దగ్గరగా ఉందంటే, రెండో జల్లెడ దాన్ని విడదీయలేకపోయింది. దిగుబడికి, అన్నానికి దీనివల్ల లోటేమీ లేదు. పైగా రెండు రకాల విత్తనాలు కలిసిపోతే రంగు చూసి వేరు చేయవచ్చు. ఈసారి ఈ రెండు వడ్లూ మీ కంటబడితే అరచేతిలో పక్కపక్కన పెట్టి చూడండి.