గాజా ఫొటో ఫేక్ అన్నారు, రా ఫైల్ ఏం చెప్పింది?

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఒక్క ఫొటో గురించే.

2012 నవంబర్ 20, గాజా సిటీ. ఇరుకు సందులోంచి మగవాళ్లు గుంపుగా నడిచొస్తున్నారు. ముందున్నవాళ్ల చేతుల్లో తెల్లగుడ్డలో చుట్టిన ఇద్దరు చిన్నపిల్లలు. ఒకరికి రెండేళ్లు, ఇంకొకరికి నాలుగు కూడా నిండలేదు. ఇజ్రాయెల్ వైమానిక దాడిలో పిల్లలు, వాళ్ల నాన్న చనిపోయారు. వెనకాల ఆయన్ని కూడా మోసుకొస్తున్నారు. ఈ ఫొటో తీసింది స్వీడన్ ఫొటోగ్రాఫర్ పాల్ హాన్సెన్. 2013 ఫిబ్రవరిలో దీనికి వరల్డ్ ప్రెస్ ఫొటో ఆఫ్ ది ఇయర్ అవార్డు వచ్చింది.

ఒకసారి వెతికి చూడండి. మొహాల మీద పడ్డ వెలుతురు సినిమా పోస్టర్‌లా ఉంటుంది. సందులో అంత మెత్తటి వెలుగా అని ఎవరికైనా డౌట్ వస్తుంది. మే నెలలో ఆ డౌట్ పెద్ద గొడవైంది. నీల్ క్రావెట్జ్ అనే ఫొరెన్సిక్స్ నిపుణుడు ఇది ఒక ఫొటో కాదు, కొన్ని ఫొటోలు కలిపి అతికించింది అని తన బ్లాగులో రాశాడు. టెక్ సైట్లు దాన్ని హెడ్డింగులు చేసేశాయి. చనిపోయిన పిల్లల ఫొటో అది. ఫేక్ అనే మాట అంటుకుంటే ఆ చావుల్నే జనం నమ్మరు.

ఆయనేమీ నోటికొచ్చింది అనలేదు, కారణాలు చూపించాడు. ముఖ్యమైనవి మూడు.

మొదటిది వెలుతురు. గోడ మీది నీడల్ని బట్టి సూర్యుడు ఎటున్నాడో లెక్కేసి, మనుషుల మీద వెలుగు దానికి కుదరట్లేదు అన్నాడు. హాన్సెన్ చెప్పిన జవాబు సింపుల్: సందులో వెలుతురు గోడలకి తగిలి తిరిగొస్తోంది. అంటే సూర్యుడు ఒక్కడే దీపం కాదు, ఎదురుగా ఎండ పడ్డ గోడ కూడా ఒక దీపమే. మిట్టమధ్యాహ్నం తెల్ల సున్నం వేసిన గోడ ముందు సెల్ఫీ తీసుకోండి, నీడవైపు చెంప కూడా వెలిగిపోతుంది. సూర్యుణ్ణి ఒక్కణ్ణే లెక్కేస్తే ఆ సెల్ఫీ కూడా తేడాగానే కనిపిస్తుంది.

రెండోది ఫైల్‌లో దాగున్న ఎడిటింగ్ హిస్టరీ. అందులో రా ఫైల్ ఓపెన్ చేసినట్టు ఒకటికి మించి ఎంట్రీలున్నాయి. రా ఫైల్ అంటే సెన్సర్ పట్టుకున్న డేటా, ఇంకా జేపెగ్‌గా మారనిది. ఎంట్రీలు ఎక్కువున్నాయి కాబట్టి ఫొటోలూ ఎక్కువే అని ఆయన లెక్క. కానీ హాన్సెన్ ఒకే రా ఫైల్‌ని ఒకసారి వెలుతురుగా, ఒకసారి ముదురుగా తీసి కలిపాడు. పాత స్టూడియోల భాషలో చెప్పాలంటే, ఒకే నెగెటివ్ నుంచి రెండు మూడు ప్రింట్లు. ఇలా టోన్ ఎంతవరకు మార్చొచ్చు అని వాదించుకోవచ్చు, నాకైతే కొంచెం ఎక్కువే అనిపిస్తుంది. కానీ లేని మనిషిని తెచ్చి పెట్టడం, ఉన్న మనిషి మీద వెలుగు పెంచడం ఒకటి కాదు.

మూడోది ఎర్రర్ లెవెల్ అనాలిసిస్, షార్ట్‌గా ఈఎల్ఏ. మనకి వాట్సాప్‌లో తగిలేది ఎక్కువగా ఇదే, కాబట్టి కాస్త ఆగి చూద్దాం. జేపెగ్ బొమ్మని 8×8 పిక్సెళ్ల గళ్లుగా కోసి, ఒక్కో గడిలో కొంత వివరం పారేస్తుంది. ఈఎల్ఏ ఏం చేస్తుందంటే, ఫొటోని మళ్లీ జేపెగ్‌గా సేవ్ చేసి, పాతదానికీ కొత్తదానికీ తేడా తీస్తుంది. తేడా ఎక్కువున్న చోట మెరుస్తుంది, అక్కడే అతికించారు అని జనం అర్థం చేసుకుంటారు. కానీ నల్లటి గోడ ముందు తెల్లగుడ్డ అంచు, గళ్ల చొక్కా, షార్ప్‌నెస్ పెంచిన మొహం, ఇవన్నీ ఏ అతుకూ లేకుండానే మెరుస్తాయి. నున్నటి ఆకాశం నల్లగా ఉండిపోతుంది. ఇంకో చిక్కు ఉంది. నాలుగు గ్రూపులు తిరిగొచ్చిన ఫొటో ప్రతిసారీ చిన్నదై, మళ్లీ నొక్కుకుపోయి ఉంటుంది. అందులో నిజంగా అతికించిన చోటు కూడా మిగతా బొమ్మలో కలిసిపోతుంది. అంటే మంచి ఫొటో దొంగలా కనిపిస్తుంది, దొంగ ఫొటో తప్పించుకుంటుంది.

మరి ఎలా తేల్చారు? వరల్డ్ ప్రెస్ ఫొటో సంస్థ హాన్సెన్ దగ్గర అసలు రా ఫైల్ తీసుకుని హానీ ఫరీద్, కెవిన్ కానర్, ఎడ్వర్డ్ డి కామ్ అనే ముగ్గురు నిపుణులకి ఇచ్చింది. వాళ్లు రా ఫైల్‌నీ అవార్డు వచ్చిన జేపెగ్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చారు. మనుషులు, గోడలు, చేతులు, అన్నీ రెండింట్లోనూ ఉన్నచోటే ఉన్నాయి. కొన్ని చోట్ల, మొత్తంగా కూడా రంగు, టోన్ మార్చారు. అంతకుమించి అతికించిన ఆనవాలు లేదు అని తేల్చారు. అవార్డు హాన్సెన్ దగ్గరే ఉంది.

ఇదంతా కుదిరింది రా ఫైల్ ఉంది కాబట్టి. మన ఫోన్‌లో మామూలుగా తీసే ఫొటో నేరుగా జేపెగ్‌గానో అలాంటి ఇంకో ఫార్మాట్‌లోనో సేవ్ అవుతుంది. సాక్ష్యంగా పనికొస్తుంది అనుకున్న ఫొటో ఏదైనా ఉంటే, కెమెరాలోంచి వచ్చిన ఫైల్‌ని ఫోన్‌లో అలాగే ఉంచండి. పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా అటాచ్ చేయండి, అప్పుడు నొక్కుడు పడదు.